‘పది కిలోలు తగ్గించాను’ అంటే సరిపోదు

జిమ్ ట్రైనర్ల రెజ్యూమెలు వరుసగా చదివితే ఒక వాక్యం మాటిమాటికీ కనిపిస్తుంది: ‘ఎంతోమంది క్లయింట్లకు బరువు తగ్గించాను.’ ఎంతమందికి, ఎన్నాళ్లలో, ఏం చేయించి తగ్గించారన్నది అందులో ఉండదు. అసలు అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇలాగే రాసి, లేనివాళ్ల పక్కన కలిసిపోతుంటారు.

కూకట్‌పల్లిలో నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఒక ట్రైనర్ ఉన్నాడనుకుందాం. ఆయన దగ్గరకు వచ్చిన 61 ఏళ్ల ఆవిడకు మెట్లెక్కితే మోకాళ్ల నొప్పి. ఆయన రెజ్యూమెలో ‘మోకాళ్ల నొప్పి నయం చేశాను’ అని ఉంది. ఆ ఒక్క ముక్కతో ఉద్యోగం చేజారిపోవచ్చు. నయం చేయడం డాక్టరు పని, ఫిజియోథెరపిస్టు పని. ట్రైనర్ అలా రాస్తే తన హద్దు తనకు తెలియదనే అర్థం.

మరి ఎలా రాయాలి? మొదటిరోజు ఆయన ఆవిడకు కుర్చీ పరీక్ష పెట్టాడు. చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెడతారు. ఆవిడ 9 సార్లు లేచింది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వృద్ధులు పడిపోకుండా చూసేందుకు ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం 60–64 ఏళ్ల మహిళలు 12 కన్నా తక్కువసార్లు లేస్తే సగటు కన్నా తక్కువే. పన్నెండు వారాల తర్వాత ఆవిడ 14 సార్లు లేచింది. ఇక రెజ్యూమెలో వాక్యం ఇలా ఉంటుంది: ‘61 ఏళ్ల మహిళ, డాక్టరు అనుమతితో, వారానికి రెండు సెషన్ల చొప్పున 12 వారాలు, 24కు 21 హాజరు, 30 సెకన్ల కుర్చీ పరీక్షలో 9 నుంచి 14కు.’ పేరు లేదు, ఫొటో లేదు. ‘ముందు–తర్వాత’ ఫొటోలు పెట్టాలంటే క్లయింటు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా వెలుతురూ నిలబడే తీరూ మారితే ఫొటో అబద్ధం చెప్పేస్తుంది, కాబట్టి నేనైతే పెట్టవద్దనే అంటాను.

ఇలాంటివి రెండు చాలు. వాటి పక్కన మానేసినవాళ్ల లెక్క కూడా ఉంటే ఇంకా మంచిది. ‘మొదలుపెట్టినవారు 12 మంది, మూడో నెల చివరికి మిగిలినవారు 9 మంది’ అని రాసిన ట్రైనర్‌ను మేనేజరు కూర్చోబెట్టి మాట్లాడతాడు. జిమ్‌కు లాభం వచ్చేది నిలిచిన సభ్యుల నుంచే కదా!

గ్రూప్ క్లాసుల దగ్గర ‘జుంబా, హిట్, యోగా అన్నీ వచ్చు’ అని గుచ్చెత్తితే ప్రయోజనం లేదు. జుంబా అనేది ఒక సంస్థ బ్రాండు; ఆ పేరుతో క్లాసు చెప్పాలంటే దాని లైసెన్సు ఉండాలి. మిగతావాటికి క్లాసు ఎలా నడుస్తుందో ఒక్క వరుసలో చెప్పాలి: 45 నిమిషాలు, 18 మంది, 8 నిమిషాల వార్మప్, మధ్యలో 20 సెకన్ల పని–10 సెకన్ల విరామం చొప్పున ఎనిమిది రౌండ్ల టబాటా, చివర నెమ్మదించడం. అందరికంటే ముఖ్యం, గెంతలేని మనిషికి అదే రౌండులో ఏం ఇస్తారన్నది. ‘జంపింగ్ జాక్‌కు బదులు పక్కకు అడుగు’ అని రాస్తే, పద్దెనిమిది మందినీ ఒకేసారి చూడగల కన్ను ఉందని తెలుస్తుంది.

సర్టిఫికెట్ల వరుసలో పేరు, ఇచ్చిన సంస్థ, గడువు తేదీ మూడూ ఉండాలి. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వంటి సంస్థల ధ్రువీకరణను రెండేళ్లకోసారి, కొత్తగా చదివిన గంటలు చూపించి పునరుద్ధరించుకోవాలి. గడువు దాటినదాన్ని తేదీ లేకుండా పెడితే, ఆన్‌లైన్‌లో ఒకసారి సరిచూడగానే బయటపడుతుంది. వారాంతపు వర్క్‌షాపులకు ఇచ్చే హాజరు పత్రాలను వీటితో కలపకూడదు.

చివరిది గాయాల భద్రత. సీపీఆర్, ఏఈడీ శిక్షణ కార్డు మామూలుగా రెండేళ్లు చెల్లుతుంది. బొమ్మ మీద చేతులతో నొక్కి నేర్చుకున్నారా, వీడియో చూసి సంపాదించారా అన్నది మేనేజరు అడుగుతాడు. నిమిషానికి 100–120 సార్లు, పెద్దవారికి కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలన్న లెక్క చేతికి అలవాటైతే తప్ప రాదు. కొత్త సభ్యుడి చేత గుండెజబ్బు, ఛాతీనొప్పి, తలతిరగడం వంటి వాటిని అడిగే పార్‌క్యూ ప్రశ్నావళిని పూర్తి చేయిస్తారా, ‘అవును’ అన్న జవాబు వస్తే ఏం చేస్తారు అన్నవి కూడా ఒక వాక్యంలో రాయాలి. మన కూకట్‌పల్లి ట్రైనర్ వాక్యం ఇది: ‘ఒక్కదానికి అవును అన్నా డాక్టరు చీటీ వచ్చేదాకా బరువులు ఎత్తించను, సెషన్‌లో నొప్పి వస్తే ఆపి, సమయమూ వ్యాయామమూ రిజిస్టరులో రాస్తాను.’ ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ రిజిస్టరులో పేర్లు కప్పేసిన ఒక పేజీ ఫొటోకాపీని వెంట తీసుకెళ్లడం మంచిది.