అక్క మెసేజ్, తమ్ముడి పే స్లిప్

"తమ్మీ, జీతం పడ్డదట. తొమ్మిది వేలే అని మనసు చిన్నగ చేసుకోకు. నువ్వు చేసింది సగం నెలే గద. కోసిన పైసలు ఎటు పోయినయో కాయితం మంచిగ సూడు, అర్థం గాకుంటె ఫోన్ చెయ్యి. నా బీడీల పైసలల్ల గూడ పీఎఫ్ కోస్తరు, ఆ లెక్క నాకెర్కే. నాకు గిప్పుడే ఏం కొనకు. ఒక్క చేత్తోని చప్పట్లు మోగవు. ఇన్నొద్దులు నా చెయ్యి ఆడింది, ఇప్పటి సంది నీ చెయ్యి గూడ తోడైతది."

జగిత్యాల వైపు ఒక పల్లెలో బీడీలు చుట్టే అక్క, పాశమైలారం పారిశ్రామికవాడలో కొత్తగా కొలువులో చేరిన తమ్ముడికి వాట్సాప్‌లో పంపిన మాటలివి. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి వెయ్యి బీడీలు లెక్కకు తేవడమంటే ఒక రోజు రోజంతా నడుము వంచాల్సిందే. బాగాలేని బీడీలను కార్ఖానాలో తీసి పక్కన పెట్టేస్తే ఆ కష్టానికి కూలి రాదు. తమ్ముడి డిప్లొమా ఫీజులు, హాస్టల్ ఖర్చులు ఆ చాటలోంచే వెళ్లాయి. ఆమె మెసేజ్‌లో ఆప్యాయత ఎంత ఉందో లెక్క కూడా అంతే ఉంది. మొదటి జీతం అందుకున్న పిల్లలకు ఇంట్లోవాళ్లు చెప్పాల్సిన మాట ఇదేనని నాకనిపించింది.

తమ్ముడు డీలా పడడానికి కారణముంది. ఆఫర్ లెటర్‌లో నెలకు 22,330 రూపాయలని రాశారు. ఖాతాలో పడింది 9,085. మోసపోయాననుకున్నాడు. నిజానికి ఒక్క పైసా కూడా తేడా లేదు.

ఆఫర్ లెటర్‌లో రాసేది సీటీసీ, అంటే ఆ మనిషి కోసం కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో పీఎఫ్‌కు కంపెనీ కట్టే 1,680, ఈఎస్ఐకి కట్టే 650 కలిసే ఉంటాయి. అవి తీసేస్తే అతని అసలు జీతం 20,000. బేసిక్ 14,000, ఇంటద్దె భత్యం 6,000. అతను చేరింది జూన్ 16న. ముప్పై రోజుల నెలలో పదిహేను రోజుల జీతమే వస్తుంది కాబట్టి అది 10,000. అందులో బేసిక్ 7,000. దానిమీద 12 శాతం చొప్పున పీఎఫ్ 840 పోయింది. మొత్తం పది వేల మీద 0.75 శాతం, అంటే 75 రూపాయలు ఈఎస్ఐకి వెళ్లింది. మిగిలింది 9,085. ఆ నెల జీతం 15,000 దాటలేదు గనక వృత్తి పన్ను పడలేదు. పూర్తి జీతం వచ్చే నెల నుంచి అదీ 150 పడుతుంది. అప్పుడు పీఎఫ్ 1,680, ఈఎస్ఐ 150, వృత్తి పన్ను 150 పోను చేతికి 18,020 వస్తుంది. ఇంటి ఖర్చులు వేసుకోవాల్సింది ఈ అంకె మీదే. ఆఫర్ లెటర్‌లోని అంకె చూసుకుని బైకు వాయిదాలకు ఒప్పుకుంటే మూడో నెలకే చేబదులు మొదలవుతుంది.

అక్క "ఆ లెక్క నాకెర్కే" అన్నది ఊరికే కాదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పీఎఫ్ గురించి బీడీ కార్మికులకు తెలిసినంతగా కాలేజీ దాటొచ్చిన కుర్రాళ్లకు తెలియదు. బీడీ పరిశ్రమలో కోత పది శాతం. కార్మికురాలి నుంచి ఎంత కోస్తారో, యజమాని కూడా అంత వేయాలి. పీఎఫ్ నంబరు ఉన్నామెకూ లేనామెకూ తేడా ఎంతటిదో రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవన భృతి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఊరూరా తెలిసొచ్చింది. ఏళ్ల తరబడి ఒకే అరుగు మీద కూర్చుని చుట్టినవాళ్లలో పీఎఫ్ ఉన్నవాళ్లకే భృతి వచ్చింది. కోత పడటమే మేలని ఆ ఆడవాళ్లు అప్పటి నుంచి గట్టిగా నమ్ముతున్నారు.

అక్క సామెత పీఎఫ్‌కు సరిగ్గా అతుకుతుంది. తమ్ముడి 840కి కంపెనీ మరో 840 కలిపింది. అయితే ఆ రెండోది మొత్తం పీఎఫ్ ఖాతాలోకి రాదు. బేసిక్‌లో 8.33 శాతం, అంటే 583 రూపాయలు పింఛను పథకానికి వెళ్తుంది. మిగిలిన 257 మాత్రమే అతని పీఎఫ్‌లో చేరుతుంది. పాస్‌బుక్‌లో మూడు గడులు వేర్వేరుగా కనిపించేది ఇందుకే. కంపెనీ వాటా తక్కువగా ఉందేమిటని కంగారుపడక్కర్లేదు.

కంగారుపడాల్సిన సంగతి వేరే ఉంది. పే స్లిప్‌లో కోత చూపించి, ఆ డబ్బు జమ చేయని యజమానులుంటారు. ఒక నెల పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. ఆ తర్వాత కొద్ది రోజులు ఆగి, యూఏఎన్‌తో పాస్‌బుక్ తెరిచి చూడాలి. యూఏఎన్‌కు ఫోన్ నంబరు, ఆధార్ జతపడి ఉంటే 9966044425కు మిస్డ్ కాల్ ఇచ్చినా చివరిగా జమైన మొత్తం మెసేజ్‌గా వస్తుంది. మన వాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కంపెనీ రికార్డులో పొడి అక్షరమే ఉంటుంది. ఆ తేడాను చేరిన కొత్తల్లోనే సరిచేయించుకోవాలి. పదేళ్ల తర్వాత డబ్బు తీసుకోబోయినప్పుడు దానికోసం పాత కంపెనీ చుట్టూ తిరగడం నరకం.

ఈఎస్ఐకి పోయిన 75 రూపాయలను కూడా తమ్ముడు దండగే అనుకున్నాడు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. అతని వైద్యంతో పాటు, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రుల వైద్యానికీ ఇది అక్కరకొస్తుంది. మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మ పేరును కుటుంబ వివరాల్లో ఎక్కించడమే అక్క అతనికి మొదట పురమాయించిన పని.

ఆ సాయంత్రం ఫోన్‌లో తమ్ముడు ఇంకో మాటన్నాడట. "అక్కా, పీఎఫ్‌ల నామినీగ నీ పేరే పెడుత." ఇక్కడ నియమం అడ్డొచ్చింది. పీఎఫ్ పథకం ప్రకారం మగ ఉద్యోగి కుటుంబమంటే భార్య, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు, చనిపోయిన కొడుకు భార్యాపిల్లలు. తోబుట్టువులు ఆ జాబితాలో లేరు. కుటుంబంగా లెక్కకొచ్చే వాళ్లెవరైనా ఉంటే బయటివాళ్ల పేరు రాసినా చెల్లదు. చదివించి నిలబెట్టిన అక్క ఈ నియమం దృష్టిలో బయటి మనిషే. చాటతో తమ్ముళ్లను చదివించిన ఆడపిల్లలు ఇన్ని ఊళ్లలో ఉండగా ఈ నియమం ఇలా ఉండటం అన్యాయమని నేననుకుంటాను. కానీ ఉన్నదానికి తగ్గట్టు నడుచుకోవాలి. అమ్మానాన్నల పేర్లు రాశాడు. పెళ్లయ్యాక ఆ నామినేషన్ దానంతటదే రద్దవుతుంది, మళ్లీ కొత్తగా వేయాలి.

అక్క కోసం అతని చేతిలో వేరే దారి ఉంది. బ్యాంకు ఖాతాకు ఎవరినైనా నామినీగా పెట్టుకోవచ్చు. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా, ఎవరికెంత శాతమో రాసి మరీ పెట్టుకునే వీలొచ్చింది. జీతం పడే ఖాతాలో అమ్మకు సగం, అక్కకు సగం రాశాడు. అక్కకు పంపే డబ్బుకు పన్ను భయం కూడా లేదు. తోబుట్టువులు ఇచ్చుకునే సొమ్మును ఆదాయపు పన్ను చట్టం తీసుకున్నవారి ఆదాయంగా లెక్కించదు.

ఎంత పంపాలన్న దగ్గర ఇద్దరికీ కాసేపు వాదన జరిగింది. తమ్ముడు ఐదు వేలన్నాడు. గది అద్దె, తిండి, బస్సు పాసు ముందు లెక్క వేయమంది అక్క. చివరికి 18,020 రావడం మొదలైన నెల నుంచి మూడు వేలకు ఒప్పుకున్నారు. అందులో రెండు వేలు ఇంటికి, వెయ్యి అక్క పేరున పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌కు. ఆ ఖాతా ఐదేళ్లది. పాస్‌బుక్ అక్క దగ్గరే ఉంటుంది.