పేరా నుంచి పాయింట్లకు, పాయింట్ల నుంచి నాలుగు మాటలకు



పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే పిల్లల నోట్సుల్లో రెండు రకాలు కనబడతాయి. మొదటి రకంలో పాఠంలో ఉన్న పేరా మొత్తం నోట్సులోకి దిగిపోతుంది, దానిమీద పసుపు హైలైటర్ కూడా పూసి ఉంటుంది. రెండో రకంలో పేజీకి పది విడి మాటలుంటాయి. వాటిని చూసి పాఠం చెప్పమంటే రాసిన పిల్లవాడే ఆగిపోతాడు. మొదటిది నోట్సు కాదు, నకలు. రెండోది పాయింట్లే, కానీ తెగకూడని చోట తెగిన పాయింట్లు. ఈ రెండింటికీ మధ్యనున్న దారిని ఇంట్లో మీరు ఎలా చూపించవచ్చో ఈ నెల ఒకే ఒక్క పేరా తీసుకుని చెబుతాను.

వానాకాలంలో హుస్సేన్‌సాగర్ నాలా నిండుగా పారడం కవాడిగూడ, అశోక్ నగర్ పిల్లలకు తెలిసిందే. అందుకే ఉదాహరణకు మన ఊరి వరదనే తీసుకుందాం. సోషల్ పాఠంలో వచ్చే తరహాలో రాసిన పేరా ఇది:

"1908 సెప్టెంబరు చివర్లో కురిసిన భారీ వర్షాలకు హైదరాబాదుకు ఎగువనున్న చెరువులు అనేకం తెగిపోగా, సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు, ఎన్నో ఇళ్లు, వంతెనలు దెబ్బతిన్నాయి. అఫ్జల్‌గంజ్ దగ్గర కొందరు ఒక చింతచెట్టు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఇటువంటి విపత్తు మళ్లీ రాకుండా మార్గం సూచించమని నిజాం ప్రభుత్వం 1909లో ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను కోరింది. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరద నీటిని ఆపాలని ఆయన సూచించారు. ఆ ఆలోచన ప్రకారమే మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ జలాశయాల నుంచి నగరానికి తాగునీరు కూడా అందింది."

మొదటి మెట్టు: ఒక సంగతికి ఒక పాయింటు

మొదటే కుదించమని అడగకండి. ముందు పేరాను విడగొట్టనివ్వండి. చాలామంది పిల్లలు ఒక వాక్యాన్ని ఒక పాయింటు అనుకుంటారు. కానీ పై పేరాలో మొదటి వాక్యం ఒక్కదానిలోనే రెండు సంగతులున్నాయి: వరద వచ్చింది, చెరువులు తెగినందువల్ల వచ్చింది. అందుకని వాక్యాలను లెక్కపెట్టించకుండా ప్రశ్నలు వేయండి. ఏం జరిగింది? ఎందుకు జరిగింది? ఎంత నష్టం? ఎవరిని పిలిచారు? ఆయన ఏం చెప్పారు? ఏం కట్టారు? దానివల్ల ఇంకేం జరిగింది? ఒక్కో ప్రశ్నకు వచ్చిన జవాబు ఒక్కో పాయింటు.

• సెప్టెంబరు 28, 1908న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది.
• భారీ వర్షాలకు ఎగువ చెరువులు తెగడం వల్ల వరద వచ్చింది.
• వేలమంది చనిపోయారు, ఇళ్లు, వంతెనలు దెబ్బతిన్నాయి.
• నిజాం ప్రభుత్వం 1909లో విశ్వేశ్వరయ్యను సలహా అడిగింది.
• ఎగువన జలాశయాలు కట్టి వరద నీటిని ఆపాలని ఆయన సూచించారు.
• మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.
• వాటి నుంచి నగరానికి తాగునీరు కూడా అందింది.

చింతచెట్టు పాయింట్లలోకి రాలేదు, చూశారా? అది నిజమే, గుర్తుండే సంగతి కూడా. కానీ మనం వేసుకున్న ప్రశ్నల్లో దేనికీ అది జవాబు కాదు. అదే "వరద రోజు ప్రజలు ఎలా తప్పించుకున్నారు?" అని ప్రశ్న ఉంటే చింతచెట్టే మొదటి పాయింటు అయ్యేది. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది ప్రశ్నను బట్టి తేలుతుంది. ప్రశ్న లేకుండా పాయింట్లు రాయమంటే పిల్లలకు అన్నీ ముఖ్యంగానే కనబడతాయి. పేజీ అంతా పసుపు కావడానికి కారణం అదే.

రెండో మెట్టు: తిరిగి తెచ్చుకోగల మాటలనే తీసేయాలి

ఇప్పుడు కుదించడం. ఇక్కడ పిల్లలు సాధారణంగా చిన్న మాటలన్నీ కొట్టేసి పెద్ద మాటలు ఉంచుతారు. అలా చేస్తే మన పేరా ఇలా మిగులుతుంది: "మూసీ వరద – విశ్వేశ్వరయ్య – జలాశయాలు – తాగునీరు." చూడటానికి చక్కగా ఉంది. వారం తరువాత దీన్నే చూసి జవాబు రాయమంటే ఏమవుతుందో ఊహించండి. "1908లో విశ్వేశ్వరయ్య నగరానికి తాగునీటి కోసం జలాశయాలు కట్టారు" అని రాసే అవకాశం ఎక్కువ. ఇందులో మూడు తప్పులున్నాయి. ఆయనను పిలిచింది 1909లో. ఆయన ఇచ్చింది సూచన, జలాశయాలు పూర్తయింది 1920లో, 1927లో. అడిగింది వరద ఆపే మార్గం గురించి. ఒక్కో మాటా పుస్తకంలో ఉన్నదే, అయినా కథ మారిపోయింది. మాటలకు మధ్యనున్న సంబంధం తెగిపోవడమే కారణం.

కాబట్టి పిల్లలకు ఒక్క సూత్రం చెప్పండి: ఈ మాట తీసేస్తే నేను దాన్ని సొంతంగా తిరిగి పెట్టుకోగలనా? "ముంచెత్తింది", "అందింది" వంటి క్రియలను పెట్టుకోగలరు, వాటిని తీసేయవచ్చు. "భారీ", "అనేకం" వంటివి కూడా పోనివ్వవచ్చు. తేదీలు, పేర్లు, సంఖ్యలు మాత్రం ఎవరూ ఊహించి పెట్టుకోలేరు, అవి ఉండాలి. వాటితోపాటు సంబంధాన్ని చెప్పే చిన్న మాటలూ ఉండాలి: వల్ల, కోసం, ముందు, తరువాత, కాదు, మాత్రమే, కూడా.

• 28-9-1908: మూసీ వరద
• కారణం: వాన, తెగిన ఎగువ చెరువులు
• నష్టం: వేల ప్రాణాలు, ఇళ్లు, వంతెనలు
• 1909: విశ్వేశ్వరయ్యను సలహా అడిగిన నిజాం ప్రభుత్వం
• సూచన: ఎగువన జలాశయాలు, వరద ఆపడానికి
• 1920 ఉస్మాన్‌సాగర్ (మూసీ), 1927 హిమాయత్‌సాగర్ (ఈసీ)
• తాగునీరు కూడా

చివరి పాయింటులో రెండే మాటలు, అందులో ఒకటి "కూడా". అది తీసేస్తే జలాశయాలు తాగునీటికే కట్టినట్టవుతుంది. అది ఉంటే వరద ఆపడం మొదటి పని అని తెలుస్తుంది. అలాగే "కారణం", "నష్టం", "సూచన" అనే చిట్టిపేర్లను గమనించండి. ఒక్కో పేరు మొదటి మెట్టులో మనం వేసిన ఒక్కో ప్రశ్న. ఒక్క మాటతో పూర్తి వాక్యం చేసే పని జరిగిపోయింది.

మన పిల్లల పుస్తకాలు ఇంగ్లీషులో కదా అని మీరు అడగవచ్చు. పద్ధతి అదే. ఇంగ్లీషులో "ది", "ఎ", "వాజ్", "వర్" లాంటివి తీసేయవచ్చు, తిరిగి పెట్టుకోవడం సులభం. "నాట్", "ఓన్లీ", "ఆల్సో", "బికాజ్", "బిఫోర్" మాత్రం ఉండాలి. "బై" విషయంలో కాస్త జాగ్రత్త. ఎవరు ఎవరిని పిలిచారో చెప్పేది ఆ రెండక్షరాల మాటే. తెలుగులో ఆ పనిని "విశ్వేశ్వరయ్యను" అనడంలోని "ను" చేస్తుంది. అందుకే పైన అక్కడ ఆ "ను" వదలలేదు.

మూడో మెట్టు: మళ్లీ విప్పి చూడటం

నోట్సు సరిగ్గా కుదిరిందో లేదో రాసిన రోజు తెలియదు. పాఠం ఇంకా మనసులో తాజాగా ఉంటుంది కాబట్టి ఎలాంటి పాయింటైనా అర్థమైనట్టే ఉంటుంది. మర్నాడో, రెండు రోజుల తరువాతో పుస్తకం మూయించి, ఒక్కో పాయింటును చూస్తూ పూర్తి వాక్యంగా చెప్పమనండి. మీకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఫరవాలేదు, తెలుగులోనే చెప్పించండి. పుస్తకం మీ చేతిలో ఉంటే చాలు. ఒక పాయింటు దగ్గర ఆగిపోయినా, తప్పు చెప్పినా, పేరా మొత్తం మళ్లీ రాయించకండి. ఆ పాయింటులో లోపించిన ఒక్క మాటను వెదికి చేర్చమనండి. రెండోసారి అన్నీ సాఫీగా వస్తే అదే సరైన పొడవు. ఒకరికి మూడు మాటలు చాలితే, ఇంకొకరికి ఆరు కావాలి. రెండూ తప్పు కాదు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునే ఉద్యోగార్థుల వల్ల మన చుట్టుపక్కల షార్ట్ నోట్సు తేలికగా దొరుకుతాయి. మన పిల్లలకు కూడా అలాంటివి కొనవచ్చా అని అడిగే తల్లిదండ్రులున్నారు. ఒక్క సంగతి ఆలోచించండి. ఆ నోట్సులో తీసేసిన మాటలు రాసినవారి మనసులో ఉన్నాయి. పాఠం చదవని మీ అమ్మాయి వాటిని ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది? "తాగునీరు కూడా" అన్న రెండు మాటలు పై పేరా చదివిన మీకు ఇప్పుడు ఒక వాక్యంగా వినిపిస్తాయి. చదవనివారికి అవి రెండు మాటలే.

ఎక్కడ కుదించకూడదు?

సైన్సులో నియమాలు, నిర్వచనాలు వచ్చినచోట ఈ కత్తెర పక్కన పెట్టాలి. న్యూటన్ మొదటి గమన నియమాన్ని "కదిలే వస్తువు కదులుతూనే ఉంటుంది" అని కుదిస్తే, బయటి బలం పనిచేయనంతవరకు అన్న షరతు పోతుంది. ఆ షరతు లేకుండా నియమమే లేదు. లెక్కల్లో మెట్లూ అంతే, మధ్యది ఎగిరిపోతే కిందిది రాదు.

ఇంకొకటి. నాలుగు మాటల పాయింట్లు పిల్లల జ్ఞాపకానికే, జవాబు పత్రానికి కాదు. వివరించమని అడిగిన ప్రశ్నకు "నష్టం: వేల ప్రాణాలు" అని రాస్తే మార్కులు పోతాయి. అక్కడ మూడో మెట్టులో నోటితో చెప్పిన పూర్తి వాక్యమే రాయాలి. సీబీఎస్ఈ పదకొండో తరగతి ఇంగ్లీషులో నోట్ మేకింగ్ ప్రశ్నకు మాత్రం శీర్షికలు, ఉపశీర్షికలు, కుదించిన పాయింట్లే జవాబు. అందులో వాడిన పొట్టి రూపాలకు పూర్తి రూపాల పట్టిక కూడా ఇవ్వాలి. పై తరగతులకు వెళ్లే పిల్లలకు ఆ తేడా ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఈ ఆదివారం సోషల్ పుస్తకంలోంచి ఒకే ఒక్క పేరా ఎంచుకోండి. మొదటి రెండు మెట్లు అప్పుడే చేయించండి. మంగళవారం సాయంత్రం పుస్తకం మీరు పట్టుకుని, పాయింట్ల కాగితం పిల్లల చేతికివ్వండి. ఆగిన చోట చేర్చిన మాటను వేరే రంగు పెన్నుతో రాయించండి. అలాంటి నాలుగైదు పేరాలయ్యాక ఆ రంగు మాటలన్నీ ఒకసారి చూడండి. మీ పిల్లలు ఎప్పుడూ తేదీలే వదిలేస్తున్నారో, "వల్ల"లూ "కాదు"లూ వదిలేస్తున్నారో అక్కడే కనబడుతుంది. పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు ఆ కాగితాలు తీసుకురండి, కలిసి చూద్దాం.