పసుపు ముద్దకు తొలి పూజ

తెలుగింట పెళ్లయినా, సత్యనారాయణ వ్రతమైనా పురోహితుడు ముందుగా అడిగేవాటిలో పసుపు ఒకటి. దాన్ని నీళ్లతో గట్టిగా కలిపి, చిన్న గోపురంలా చేసి, తమలపాకు మీద నిలిపి కుంకుమ బొట్టు పెడతారు. ఆయనే పసుపు గణపతి. తలపెట్టిన పని ఆటంకం లేకుండా పూర్తి కావాలని సంకల్పం చెప్పుకుని, అక్షతలు వేసి, బెల్లం ముక్క నైవేద్యం పెడతారు. ఆ తర్వాత ఆయనకు ఉద్వాసన చెప్పి, అసలు పూజ మొదలుపెడతారు.

శివుడి కొడుకు కావడమే కారణమైతే కుమారస్వామికీ ఆ వరుస దక్కాలి. అసలు కారణం విఘ్నాల మీద గణపతికి ఉన్న అధికారం.

ప్రాచీనమైన మానవ గృహ్యసూత్రంలో నలుగురు వినాయకులు కనిపిస్తారు. వాళ్లు పట్టి పీడిస్తే అర్హుడైన రాజకుమారుడికి రాజ్యం రాదు, కన్యకు వరుడు దొరకడు, రైతుకు పంట చేతికందదు. వాళ్లను శాంతింపజేయడానికి ప్రత్యేకమైన స్నానాలు, బలులు చెప్పారు. తర్వాతి కాలపు యాజ్ఞవల్క్య స్మృతికి వచ్చేసరికి వినాయకుడు ఒక్కడే. బ్రహ్మ, రుద్రుడు ఆయన్ను గణాలకు అధిపతిని చేసి, పనులకు విఘ్నాలు కలిగించే బాధ్యత అప్పగించారంటుంది ఆ గ్రంథం. అడ్డుపెట్టగలవాడే అడ్డు తీయగలడు. అందుకే ఆయన విఘ్నకర్త, విఘ్నహర్త కూడా. పని మొదలుపెట్టాక కాకుండా ముందే ఆయన్ను తలచుకోవడంలోని అర్థం ఇదే.

చవితినాడు మనం చదువుకునే వ్రతకథ ఈ అధికారానికి మరో కారణం చెబుతుంది. పుణ్యనదులన్నిటిలో మునిగి ముందుగా వచ్చినవారికే గణాధిపత్యమని శివుడు పందెం పెడితే, కుమారస్వామి నెమలినెక్కి బయల్దేరాడు. వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేశాడు. ఏ నదికి వెళ్లినా తనకంటే ముందే స్నానం ముగించి వస్తున్న అన్న కుమారస్వామికి కనిపించాడు.

ఆయన చేతుల్లోని పాశం, అంకుశం ఏనుగుతో ముడిపడినవే. మావటి పాశంతో ఏనుగును కట్టి ఆపుతాడు, అంకుశంతో అదిలించి నడుపుతాడు. ఆపడం, నడపడం రెండూ గణపతి పనులే కాబట్టి ఆ రెండూ ఆయన చేతికి చక్కగా అమరాయి. అదుపు లేని మనసును కట్టి, మంచి దారిన నడిపే సాధనాలని కూడా పెద్దలు వివరిస్తారు.

విరిగిన దంతానికి కథలు రెండు. శివుడి దర్శనానికి వచ్చిన పరశురాముణ్ణి వాకిట్లో అడ్డుకున్నప్పుడు, ఆయన గొడ్డలి దెబ్బకు విరిగిందనేది ఒకటి. ఆ గొడ్డలి శివుడు ఇచ్చిందే. తండ్రి ఆయుధం వృథా కాకూడదని వినాయకుడు దెబ్బను దంతం మీద కాచుకున్నాడట. వ్యాసుడు చెబుతుండగా భారతం రాయడానికి ఆ దంతాన్నే గంటంగా చేసుకున్నాడనేది మరో కథ.

ఎలుక మాత్రం మొదటినుంచీ లేదు. తొలినాటి విగ్రహాలు చాలావాటిలో అది కనిపించదు. ముద్గల పురాణం చెప్పే ఎనిమిది అవతారాల్లోనూ వాహనం ఒక్కటే కాదు: వక్రతుండుడికి సింహం, వికటుడికి నెమలి, విఘ్నరాజుకు శేషుడు. ధాన్యపు గాదెల్లో దూరి పంటను పాడుచేసే ఎలుక రైతుకు నిత్య విఘ్నం. అది విఘ్నేశ్వరుడి పాదాల దగ్గర అణగి ఉండటాన్ని, ఆ విఘ్నం ఆయన అదుపులో ఉందనడానికి గుర్తుగా చెబుతారు.