సగం రియాక్షన్ అయ్యాక ఫ్లాస్కులో ఏముంటుంది?

డిగ్రీ కెమిస్ట్రీ విభాగాల గోడల మీద పాలిమర్ల పోస్టర్ ఒకటి తరచూ కనిపిస్తుంది. ఎడమవైపు చైన్-గ్రోత్, కుడివైపు స్టెప్-గ్రోత్, మధ్యలో పది తేడాల పట్టిక. పరీక్షకు ముందురోజు కంఠస్థం చేయడానికి అది బాగానే పనికొస్తుంది. నన్నడిగితే ఆ పట్టిక తీసేసి ఒక్క గ్రాఫ్ గీస్తే చాలు. అడ్డంగా రియాక్షన్ ఎంత శాతం జరిగింది, నిలువుగా గొలుసు సగటున ఎంత పొడవైంది. రెండు పద్ధతులకూ రెండు గీతలు. వాటి ఆకారం ఎందుకలా ఉందో అర్థమైతే పట్టికలోని తేడాల్లో చాలావరకు వాటంతటవే తేలతాయి.

ముందు స్టైరీన్ సంగతి చూద్దాం. థర్మాకోల్‌కు మూలపదార్థం ఇదే. స్టైరీన్ ద్రవంలో చిటికెడు బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపి 70 డిగ్రీల దగ్గర వేడి చేస్తే, పెరాక్సైడ్ అణువులు కొద్దికొద్దిగా విరిగి ఫ్రీ రాడికల్స్ పుడతాయి. రాడికల్ అంటే జత దొరకని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క. అది దగ్గరున్న స్టైరీన్ డబుల్ బాండ్‌ను తెరిచి అతుక్కుంటుంది. జతలేని ఎలక్ట్రాన్ ఇప్పుడు కొత్త చివరకు చేరుతుంది, అక్కడ మరో స్టైరీన్ చేరుతుంది. ఇలా సెకను అటూ ఇటుగా వందలు, వేలు చేరిపోయాక, ఎదురుగా ఇంకో రాడికల్ తగిలితే రెండూ కలిసి చల్లబడతాయి. ఆ గొలుసు కథ అంతటితో సరి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఏ క్షణంలో చూసినా పెరుగుతున్న గొలుసులు చాలా తక్కువ. మిగతా స్టైరీన్ తన వంతు కోసం కదలకుండా ఉంటుంది, ఎందుకంటే రెండు స్టైరీన్ అణువులు ఎదురుపడినా రాడికల్ లేనిదే వాటి మధ్య ఏమీ జరగదు. అందుకే పదో వంతు రియాక్షన్ దగ్గర ఆపేసి, ఆ చిక్కటి ద్రవాన్ని మిథనాల్‌లో పోస్తే తెల్లటి పాలీస్టైరీన్ విరిగినట్టు కిందికి దిగుతుంది, వాడని స్టైరీన్ మిథనాల్‌లోనే కరిగి ఉండిపోతుంది. దిగినది కొంచెమే కావచ్చు గానీ, అందులోని గొలుసులు అప్పటికే పూర్తి పొడవువి. మధ్యస్థంగా పెరిగిన గొలుసులు దాదాపు కనబడవు. గ్రాఫ్‌లో ఈ గీత మొదట్లోనే పైకి లేచి, తర్వాత ఇంచుమించు అడ్డంగా సాగుతుంది.

ఇప్పుడు నైలాన్ 6,6. దీనికి రెండు మోనోమర్లు. ఒకదానికి రెండు చివరలా అమీన్ గుంపు (హెక్సామిథిలీన్ డైఅమీన్), రెండోదానికి రెండు చివరలా ఆమ్ల గుంపు (అడిపిక్ ఆమ్లం). ఇక్కడ రాడికల్ లాంటి నాయకుడెవరూ లేడు. ఏ అమీన్ చివరైనా, ఏ ఆమ్లం చివరతోనైనా కలిసి అమైడ్ బంధం కట్టి ఒక నీటి అణువును వదులుతుంది. మోనోమర్ మోనోమర్‌తో కలవచ్చు, జంట జంటతో కలవచ్చు, ఇరవై యూనిట్ల ముక్క ముప్పై యూనిట్ల ముక్కతో కలవచ్చు. పూలదండ లెక్కలో చెప్పాలంటే, స్టైరీన్ ఒకే దారానికి చకచకా ఒక్కో పువ్వు గుచ్చడం, నైలాన్ చిన్న చిన్న మాలలు కట్టుకుంటూ వాటినే ఒకదానికొకటి ముడివేయడం.

ఈ ముడుల లెక్క చేతివేళ్ల మీద తేలుతుంది. 50 డైఅమీన్లు, 50 ఆమ్లాలు, మొత్తం 100 అణువులు తీసుకుందాం. అమీన్ చివరలు 100, ఆమ్లం చివరలు 100. ఒక్కో బంధం పడినప్పుడల్లా రెండు అణువులు ఒకటై, మొత్తం సంఖ్య ఒకటి తగ్గుతుంది. సగం చివరలు కలిశాయంటే 50 బంధాలు, అంటే మిగిలిన అణువులు 50. సగటు పొడవు ఎంత? కేవలం 2! సగం పని అయినా చేతిలో ఉన్నది జంటలే. 90 శాతం దగ్గర సగటు 10, 95 దగ్గర 20, 99 దగ్గర 100. కరోథర్స్ సూత్రంలో ఇది ఇలా ఉంటుంది:

X = 1 / (1 − p)

p అంటే కలిసిన చివరల భాగం, X సగటు పొడవు. నైలాన్ 6,6లో ఒక్కో యూనిట్ సగటు బరువు 113. 10 యూనిట్లంటే 1,130. దాన్ని సాగదీస్తే దారం రాదు, పెళుసు ముక్కే వస్తుంది. గట్టి దారానికి అణుభారం పన్నెండు వేల పైన ఉండాలి. అంటే 99 శాతం దాటితే తప్ప పని కాదు. గ్రాఫ్‌లో ఈ గీత చివరిదాకా నేలబారుగా పాకి, ఆఖరి అంచున నిట్టనిలువుగా లేస్తుంది. మోనోమర్ మాత్రం తొలి నుంచే కరిగిపోతుంది. సగం చివరలు కలిసేసరికి రెండు చివరలూ ఖాళీగా ఉన్న మోనోమర్ నాలుగో వంతే ఉంటుంది, 90 శాతానికి వందలో ఒకటి.

ఆ చివరి ఒక్క శాతమే అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందాన్ని ఇబ్బంది పెట్టింది. వాళ్లు తొలుత చేసిన పాలిస్టర్ల అణుభారం ఐదారు వేల దగ్గరే ఆగిపోయేది. కారణం నీరు. రియాక్షన్ వెనక్కి కూడా నడుస్తుంది, వదిలిన నీరే పడిన బంధాన్ని తెంచుతుంది. నీటిని గట్టి వ్యాక్యూమ్‌లో లాగేసే మాలిక్యులర్ స్టిల్ వాడాక, 1930లో జూలియన్ హిల్ కరిగిన పాలిస్టర్ నుంచి దారం తీయగలిగారు. నైలాన్ 6,6 మొదటిసారి తయారైంది 1935 ఫిబ్రవరి 28న. ఈ నీటి బాధ ఇప్పటికీ పోలేదు. పెట్ బాటిళ్లు పోసే ఫ్యాక్టరీలో గుళికలను బాగా ఆరబెట్టకుండా కరిగిస్తే, వాటిలోని కొద్దిపాటి తేమే గొలుసులను తెంచుతుంది. కరిగిన పెట్ పల్చబడుతుంది, బాటిల్ బలహీనంగా వస్తుంది. పాలీస్టైరీన్ గొలుసును నీరు ఇలా తెంచలేదు, దాని వెన్నెముకంతా కార్బన్-కార్బన్ బంధాలే.

తూకం తప్పినా ఇదే గతి. 100 ఆమ్లాలకు 99 డైఅమీన్లే ఉన్నాయనుకోండి. అమీన్ చివరలన్నీ నూటికి నూరుపాళ్లూ కలిసిపోయినా సగటు పొడవు 199 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే ప్రతి గొలుసుకూ రెండువైపులా ఆమ్లమే మిగిలి, జోడీ దొరకదు. అందుకే ముందు రెండింటినీ కలిపి సరిసమానమైన నైలాన్ ఉప్పు చేసుకుంటారు, పీహెచ్ చూసి సరిచేస్తారు. తర్వాత కొంచెం ఎసిటిక్ ఆమ్లం కావాలనే కలుపుతారు. దానికి కలిసే చివర ఒక్కటే కాబట్టి గొలుసు కోరుకున్న పొడవు దగ్గర మూసుకుంటుంది. ఇబ్బంది పెట్టిన లెక్కనే పనిముట్టుగా వాడుకోవడమన్నమాట.

పోస్టర్లలో నాకు చిరాకు తెప్పించే వాక్యం ఒకటుంది: 'స్టెప్-గ్రోత్‌లో చిన్న అణువు బయటికి పోతుంది.' సోఫా ఫోమ్‌లోని పాలీయూరితేన్ బంధం పడేటప్పుడు ఏమీ బయటికి పోదు. ఐసోసయనేట్, ఆల్కహాల్ గుంపులు నేరుగా కలుస్తాయి. అయినా అది స్టెప్-గ్రోతే, ఎందుకంటే అక్కడా ఏ చివరైనా తగిన ఏ చివరతోనైనా కలుస్తుంది. సంకలన, సంఘనన అని కరోథర్స్ 1929లో చేసిన విభజన పాలిమర్ కూర్పును బట్టి. గొలుసు పెరిగే తీరును బట్టి విడదీయాలని గట్టిగా చెప్పినవాడు ఆయన దగ్గరే పనిచేసిన పాల్ ఫ్లోరీ.

నేను గీయమన్న గ్రాఫ్‌కు కూడా ఒక మినహాయింపు ఉంది. 1956లో మైఖేల్ ష్వార్క్ స్టైరీన్‌ను రాడికల్‌తో కాక, రుణావేశ చివరతో పెంచారు. ఒకే ఆవేశం ఉన్న చివరలు ఒకదాన్నొకటి తగిలి ఆరిపోవు, గాలి, నీరు తగలనంతవరకు బతికే ఉంటాయి. గొలుసులన్నీ ఒకేసారి మొదలై సమానంగా పెరుగుతాయి. ఇక్కడా మోనోమర్ బతికున్న చివరకే చేరుతుంది కాబట్టి ఇది చైన్-గ్రోతే. కానీ గ్రాఫ్‌లో దాని గీత మొదట్లో ఎగిరేదీ కాదు, చివర్లో లేచేదీ కాదు. కింది మూల నుంచి ఏటవాలుగా సాగే సరళరేఖ.