షుగరున్నవాళ్ల కాఫీ: డికాక్షన్ ఎంత, పాలెంత, తీపెంత

"పంచదార ఎప్పుడో మానేశాను. అయినా కాఫీ తాగాక రీడింగ్ పెరుగుతోంది" అని మన పెద్దవాళ్లు తరచుగా అంటుంటారు. పిల్లల దగ్గరికి అమెరికా వచ్చి నాలుగు నెలలు ఉండేవాళ్ల నోట ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. అదే మనిషి, అవే మాత్రలు, తిండీ దాదాపు అదే. మారింది కప్పు. ఆ కప్పులో డికాక్షన్, పాలు, తీపి మూడూ షుగరు మీద మూడు రకాలుగా పనిచేస్తాయి. వాటిని విడివిడిగా చూస్తే తప్ప దేన్ని తగ్గించాలో తెలియదు.

ముందు డికాక్షన్ సంగతి. చక్కెర, పాలు లేని కాఫీలో పిండిపదార్థం లేనట్టే. అయినా కొందరిలో అది షుగరు పెంచుతుంది. కెఫీన్ వల్ల అడ్రినలిన్ పెరుగుతుంది. దాంతో కాలేయం తనలో ఉన్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది, కండరాల మీద ఇన్సులిన్ పట్టు కాసేపు తగ్గుతుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో టైప్ 2 మధుమేహం ఉండి, రోజూ కాఫీ అలవాటున్న 10 మందికి పొద్దున, మధ్యాహ్నం కెఫీన్ గుళికలిచ్చి చూశారు. రోజుకు మొత్తం 500 మిల్లీగ్రాములు. ఆ రోజుల్లో పగటిపూట సగటు షుగరు సుమారు 8 శాతం ఎక్కువగా ఉంది, భోజనాల తర్వాత పెరుగుదల ఇంకా ఎక్కువ. పది మందితో చేసిన చిన్న ప్రయోగం కాబట్టి అందరికీ అంతే పెరుగుతుందని అనుకోకూడదు. పైగా 500 మిల్లీగ్రాములంటే పెద్ద మోతాదు. ఇక్కడి 8 ఔన్సుల మామూలు డ్రిప్ కాఫీలో దాదాపు 95 ఉంటుంది. డీకాఫ్‌లో కొద్దిపాటే.

కాఫీ తాగేవాళ్లకు షుగరు రాదట కదా అని ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు. ఎక్కువ కాఫీ తాగేవాళ్లలో టైప్ 2 తక్కువగా వస్తోందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2002లో చూపించిన మాట నిజమే, తర్వాత చాలా దేశాల్లో అదే కనిపించింది. అయితే అది షుగరు లేనివాళ్లను ఏళ్ల తరబడి గమనించి చెప్పిన సంబంధం. షుగరు వచ్చాక ఈ పూట తాగిన కప్పు ఏం చేస్తుందనేది వేరే ప్రశ్న. రెండిటినీ కలిపి, కాఫీ షుగరుకు మందు అని చెప్పడం మంచిది కాదు.

నా ఉద్దేశంలో మనవాళ్లకు అసలు తేడా పాల దగ్గరే వస్తోంది. పాలలో లాక్టోజ్ అనే చక్కెర సహజంగానే ఉంటుంది, 100 మిల్లీలీటర్లకు దాదాపు 5 గ్రాములు. ఇంట్లో స్టీలు గ్లాసులో కలుపుకునే కాఫీలో పాలు 100 మిల్లీలీటర్లుంటాయి, అంటే 5 గ్రాములు. అదే మనిషి ఇక్కడ మాల్‌కు వెళ్లి 16 ఔన్సుల లాటే తీసుకుంటే అందులో పాలు 350 మిల్లీలీటర్లకు తక్కువ ఉండవు. పంచదార ఒక్క పలుకు వేయకపోయినా 17, 18 గ్రాముల చక్కెర లోపలికి వెళ్తుంది. లాక్టోజ్ పంచదారంత వేగంగా షుగరు పెంచదు, పాలలోని మాంసకృత్తులు, కొవ్వు కూడా కొంత నెమ్మదింపజేస్తాయి. కానీ నెమ్మదిగా ఎక్కినా లెక్కలోకి రావలసిందే.

వెన్న తీసిన పాలు వాడితే షుగరు తగ్గుతుందనుకుంటారు. తగ్గేది కొవ్వూ, క్యాలరీలూ. లాక్టోజ్ అంతే ఉంటుంది. లాక్టోజ్ లేని పాలదీ చాలావరకు అదే కథ. ఆ చక్కెరను ముందే గ్లూకోజ్, గాలక్టోజ్‌గా విడగొడతారు తప్ప తీసేయరు, అందుకే ఆ పాలు కాస్త తియ్యగా ఉంటాయి. ఓట్ మిల్క్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఓట్స్‌లోని పిండిని ఎంజైములతో విడగొట్టినప్పుడు మాల్టోజ్ తయారవుతుంది, అది షుగరును చాలా త్వరగా పెంచుతుంది. పైన చక్కెర కలపకపోయినా ఇదే పరిస్థితి. తీపి కలపని బాదం పాలలో, సోయా పాలలో పిండిపదార్థం బాగా తక్కువ, సోయాలో మాంసకృత్తులు కూడా దొరుకుతాయి. కొనేముందు డబ్బా మీద "అన్‌స్వీటెండ్" అని ఉందో లేదో చూడాలి, టోటల్ కార్బోహైడ్రేట్ అన్న వరుసా చదవాలి.

పొడి క్రీమర్ డబ్బా మీద చక్కెర సున్నా అని ఉంటుంది. వడ్డన పరిమాణం ఒక టీస్పూను అని రాసి, అందులో అర గ్రాముకు తక్కువ ఉంటే సున్నా అని ముద్రించడానికి అమెరికా నిబంధనలు ఒప్పుకుంటాయి. చాలా క్రీమర్లలో మొదటి పదార్థం మొక్కజొన్న సిరప్ పొడి. మనం వేసేది ఒక టీస్పూను కాదు, మూడు పెద్ద చెంచాలు.

తీపి గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. సమంగా కొలిచిన చెంచా పంచదార 4 గ్రాములు, గుట్టగా తీస్తే ఇంకా ఎక్కువ. బెల్లం కాఫీ మంచిదన్న నమ్మకం మాత్రం వదులుకోవాలి. బెల్లంలో అత్యధిక భాగం పంచదారలో ఉండే సుక్రోజే, తేనె కూడా చక్కెరే. స్టీవియా, సుక్రలోజ్ కాఫీలో వేస్తే షుగరు మీద ప్రభావం దాదాపు ఉండదు. పొట్లంలో నింపడానికి కలిపే డెక్స్‌ట్రోజ్ ఒక గ్రాముకు లోపే. బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినప్పుడు మనవాళ్లు చాలామంది భయపడ్డారు. ఆ సూచన అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు వర్తించదని అందులోనే ఉంది.

ఇక ఎవరి కప్పు వాళ్లకు ఏం చేస్తుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పొద్దున పరగడుపున మీటరుతో చూసుకుని, కాఫీ ఒక్కటే తాగి, గంటకూ రెండు గంటలకూ మళ్లీ చూడాలి. అప్పటిదాకా ఏమీ తినకూడదు కాబట్టి, ఇన్సులిన్ గానీ షుగరు బాగా పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరును అడిగాకే ఇది చేయాలి. మొదటి రోజు ఎప్పటి కాఫీ, తర్వాతి రోజు పాలు లేని డికాక్షన్, మూడో రోజు డీకాఫ్‌లో ఎప్పటి పాలు. ఒక పెద్దాయనకు మొదటి రోజు 126 నుంచి 171కి వెళ్లిందనుకుందాం. ఉత్త డికాక్షన్‌కు 124 నుంచి 138, పాలతో డీకాఫ్‌కు 128 నుంచి 163. అలాంటప్పుడు పాలు తగ్గించాలి, కాఫీ మానాల్సిన పని లేదు. డికాక్షన్ రోజునే ఎక్కువ పెరిగితే డీకాఫ్ వైపు వెళ్లాలి.

అయితే ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. నియమాల ప్రకారం మంచి మీటరు కూడా 15 శాతం అటూఇటూ చూపొచ్చు. నిద్ర సరిగా లేని రోజు, తెల్లవారుజామున హార్మోన్ల వల్ల సహజంగా పెరిగే రోజు కూడా లెక్క తప్పిస్తాయి. అందుకే ఒక్కో రకాన్ని రెండు మూడు రోజులు చూడాలి. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవడం మరచిపోవద్దు. మామిడి పండు కోసిన వేలితో చుక్క తీస్తే మీటరు ఆ పండు రసాన్నీ కలిపి కొలుస్తుంది. రక్తపరీక్షకు పరగడుపున వెళ్లే రోజు మాత్రం డికాక్షన్ కూడా వద్దు, మంచినీళ్లు చాలు.

చివరిగా ఒక జాగ్రత్త. చెమటలు, వణుకు, గుండెదడ వచ్చినప్పుడు "కాస్త కాఫీ తాగితే సర్దుకుంటుంది" అని కప్పు అందుకునేవాళ్లున్నారు. గట్టి కాఫీ తాగినా గుండెదడ వస్తుంది కాబట్టి అప్పుడు ముందుగా మీటరు చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే కాఫీ పనికిరాదు. పాలలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది, స్టీవియా వేసిన కాఫీ అసలే పనిచేయదు. 15 గ్రాముల గ్లూకోజ్ మాత్రలో, అరకప్పు పండ్ల రసమో తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. అప్పటికీ 70 దాటకపోతే ఇంకో 15 గ్రాములు తీసుకోవాలి. కాఫీ సంగతి అది దాటాకే.