ఇపానాకు నిజంగానే కాలం చెల్లిందా?

1968లో అమెరికాలోని బ్రిస్టల్-మయర్స్ కంపెనీ ఇపానా టూత్‌పేస్టును వదిలేసింది. ఒకప్పుడు అక్కడ ఇంటింటా వినిపించిన పేరది. అమ్మకాలు పడిపోతున్నాయి, ఇక దీని పని అయిపోయిందనుకుని డబ్బంతా కొత్త బ్రాండ్ల మీద పెట్టింది. మరుసటి ఏడాది మొదట్లో మిన్నెసోటాకు చెందిన ఇద్దరు వ్యాపారులు ఆ పేరు తీసుకున్నారు. పేస్టు తయారీ మార్చారు, పైన ప్యాకింగు మాత్రం పాతదే ఉంచారు. ప్రచారం దాదాపు లేకుండానే మొదటి ఏడు నెలల్లో రెండున్నర లక్షల డాలర్ల సరుకు అమ్ముడుపోయింది. 1973 నాటి సర్వేలో, దుకాణాల్లో సరిగా దొరకని ఆ పేస్టును ఇంకా 15 లక్షల మంది వాడుతున్నట్టు తేలింది.

నారిమన్ ధల్లా, సోనియా యుస్పే 1976లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ ఉదంతం రాసి, ‘ఉత్పత్తి జీవిత చక్రం’ అనే భావననే మరిచిపొమ్మన్నారు. ఆ భావన ప్రకారం ప్రతి సరుకుకూ నాలుగు దశలుంటాయి. మార్కెట్లోకి వచ్చిన కొత్తలో అమ్మకాలు మెల్లగా సాగుతాయి, లాభం ఉండదు. తర్వాత జోరుగా పెరుగుతాయి, పోటీదార్లూ దిగుతారు. ఆపైన ఒక స్థాయిలో నిలబడతాయి, చివరికి తగ్గుముఖం పడతాయి. జరిగిపోయిన కథ చెప్పుకోవడానికి ఇది బాగానే పనికొస్తుంది. జరగబోయేది చెప్పమంటేనే చిక్కు.

ఒక బ్రాండు అమ్మకాలు రెండేళ్లుగా పెరగలేదనుకోండి. అది నిలకడ దశా, లేక కాసేపు ఆగిందా? గీతను ఎంతసేపు చూసినా తెలియదు. ఏ దశ ఎన్నేళ్లుంటుందో ఈ సిద్ధాంతం చెప్పదు. మేనేజరు దాన్ని చివరి దశ అనుకుని ప్రకటనల ఖర్చు తగ్గిస్తే అమ్మకాలు నిజంగానే పడిపోతాయి. అప్పుడు జోస్యం ఫలించినట్టు కనిపిస్తుంది. ఫలించేలా చేసింది ఆ కోతే.

అసలు దేని చక్రం లెక్కించాలన్నది ఇంకో ప్రశ్న. ఇపానా తగ్గుతున్న రోజుల్లో అమెరికన్లు పళ్లు తోముకోవడం మానలేదు. 1960లో అక్కడి దంతవైద్యుల సంఘం ఫ్లోరైడ్ ఉన్న క్రెస్ట్‌ను గుర్తించాక జనం అటు మళ్లారు. పోటీలో వెనకబడటం వేరు, వయసు మీరడం వేరు. మొదటిదానికి మందుంది. సరుకును మార్చవచ్చు, కొత్త వాడకం వెతకవచ్చు. నైలాన్ సంగతే చూడండి. మేజోళ్లతోనే ఆగిపోకుండా టైర్లలోకీ తివాచీల్లోకీ వెళ్లి కొత్తగా పెరిగింది. ఆ ఉదాహరణతోనే థియడోర్ లెవిట్ 1965లో ఈ చక్రాన్ని సమర్థించాడు. నాకు మాత్రం అందులో కనిపించేది వేరు. కంపెనీ పూనుకుంటే గీత వంపే మారిపోతుంది. అలాంటి గీతను చూసి ముందే రోజులు లెక్కబెట్టడం ఎలా?

అందుకే బ్రాండును మూసేసే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొంటున్నారా? సరుకు దుకాణాల్లో దొరుకుతోందా? ముందు తగ్గింది అమ్మకాలా, ప్రచారం ఖర్చా?