కస్టమర్ ఫోటో, షాపు పేజీ

చీర కొన్నావిడ దాన్ని కట్టుకుని దిగిన ఫోటోను షాపువాళ్లు తమ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. మోడల్ ఫోటో కంటే కస్టమర్ ఫోటోనే కొనేవాళ్లు ఎక్కువ నమ్ముతారు. అయితే చాలా పేజీల్లో ఫోటో కింద 'కర్టసీ: సోషల్ మీడియా' అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ కనిపించదు. ఆ ముక్కలో తీసినవారి పేరూ లేదు, అడిగిన జాడా లేదు. పేరు వేయడం, అనుమతి తీసుకోవడం వేర్వేరు పనులు. మొదటిది చేసినంత మాత్రాన రెండోది చేసినట్టు కాదు.

2007లో వర్జిన్ మొబైల్ ఆస్ట్రేలియా విషయంలో ఇదే బయటపడింది. ఫ్లికర్‌లో ఒకరు పెట్టిన టీనేజీ అమ్మాయి ఫోటోను ఆ సంస్థ బస్టాపుల్లో ప్రకటనగా వేసింది. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు కింద ఆ ఫోటో ఉంది. సంస్థ ఫ్లికర్ చిరునామా కూడా కింద అచ్చు వేసింది. అమ్మాయిని మాత్రం ఎవరూ అడగలేదు. పైగా కలం స్నేహితురాలిని వదిలించుకోండి అనే అర్థం వచ్చే ఎకసెక్కపు మాట ఆమె ముఖం పక్కన పెట్టారు. కుటుంబం అమెరికాలో దావా వేసింది. ఆ కోర్టుకు ఆస్ట్రేలియా సంస్థపై విచారణాధికారం లేదని కేసు కొట్టేశారు కాబట్టి తప్పొప్పులు తేలనేలేదు. ఫోటో తీసినవారు, ఫోటోలో ఉన్నవారు ఇద్దరు వేర్వేరు మనుషులన్న సంగతి మాత్రం అందరికీ తెలిసొచ్చింది.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసినవారు, దిగినవారు కాదు. మామూలుగా హక్కు కూడా వారిదే. డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫోటోలకు మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవారికి వెళ్తుంది. అప్పుడు కూడా తానే తీశానని చెప్పుకునే హక్కు ఫోటోగ్రాఫర్‌కు మిగిలే ఉంటుంది. అందుకే మూలన ఉన్న స్టూడియో పేరును కత్తిరించి పోస్టు చేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

మంగళగిరి నూలు చీరలమ్మే చిన్న షాపునే తీసుకుందాం. ఒక కస్టమర్ గృహప్రవేశంలో ఆ చీర కట్టుకున్న ఫోటోను వాట్సాప్‌లో పంపింది. ఆమె పంపింది షాపువాళ్లకు చూపించడానికి. ఊరందరికీ చూపించమని కాదు. షాపు నుంచి వెళ్లాల్సిన మెసేజ్ ఇలా ఉండొచ్చు: "చీర మీకు చాలా బాగుందండీ. ఈ ఫోటో మా ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టుకోవచ్చా? ఎవరు తీశారు, వాళ్లకు అభ్యంతరం లేదా? మీ పేరు వేయమంటారా, వద్దా? ఎప్పుడు తీసేయమన్నా తీసేస్తాం." ఫోన్లో అడిగితే మాట మిగలదు. చట్టం కూడా కాపీరైట్ లైసెన్సు రాతలో ఉండాలంటుంది. కాబట్టి ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసి, ఫోటోతో పాటు ఒకే ఫోల్డర్లో దాచుకోవాలి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. షాపును ట్యాగ్ చేసినా అంతే.

ఆవిడ "పెట్టుకోండి, కానీ పేరు వద్దు. మా చెల్లెలు తీసింది, తను సరేనంది" అని రాసిందనుకుందాం. అప్పుడు క్యాప్షన్: "గృహప్రవేశానికి మా మంగళగిరి నూలు చీరలో విజయవాడ కస్టమర్. ఫోటో: వారి చెల్లెలు. ఇద్దరి అనుమతితో." ఊరి పేరు కూడా ఆమె సరేనంటేనే. పేరు వేయమంటే, ఆమె ఇచ్చిన ఖాతా పేరును @ గుర్తుతో మొదటి రెండు వరుసల్లోనే రాయాలి. పొడుగు క్యాప్షన్ చివర, హ్యాష్‌ట్యాగుల కింద పెడితే ఎవరికీ కనబడదు. ఆమె అనని పొగడ్తను ఆమె నోట పెట్టకూడదు. చీర ఉచితంగానో తగ్గింపు ధరకో ఇచ్చి ఉంటే ఆ సంగతి కూడా రాయాలి.

కస్టమరే తన పబ్లిక్ ఖాతాలో షాపును ప్రస్తావిస్తూ స్టోరీ పెడితే పని తేలిక. ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉన్న షేర్ సదుపాయంతో దాన్ని షాపు స్టోరీలో చేర్చితే ఆమె ఖాతా పేరు దానంతటదే వస్తుంది. 24 గంటల్లో పోతుంది. స్క్రీన్‌షాట్ తీసి కొత్తగా ఎక్కిస్తే మాత్రం అది షాపు సొంత పోస్టే. దానికి మళ్లీ అడగాల్సిందే.

ఒకచోట సరేనన్నది అన్నిచోట్లా చెల్లదు. పేజీలో పోస్టు వేరు, డబ్బు కట్టి జనానికి చూపించే ప్రకటన వేరు, బజారులో ఫ్లెక్సీ వేరు. ముఖం తెల్లబరిచే ఫిల్టర్ వేయడానికి కూడా విడిగా అడగాలి. ఫోటోలో పిల్లలుంటే తల్లిదండ్రుల మాట కావాలి. వెనక నిలబడ్డ చుట్టాల్ని కత్తిరించడమో మసకబార్చడమో మంచిది.

తీసేయమన్న మెసేజ్ వస్తే కారణం అడక్కుండా ఆ రోజే తీసేయాలి. పోస్టుతో పాటు హైలైట్స్‌లో, ఫేస్‌బుక్ పేజీలో, వాట్సాప్ క్యాటలాగులో కూడా వెతకాలి. సాధారణంగా మర్చిపోయేది ఆ క్యాటలాగే. అప్పటికే ఇతరులు దాచుకున్న కాపీలు షాపు చేతిలో ఉండవు. ఆ సంగతి అనుమతి అడిగేటప్పుడే చెప్పేయాలి.